మూతికి దారం, గడ్డానికి ట్రిమ్మర్: నా చర్మం చెప్పిన లెక్క

ఆదివారం మా పిన్నమ్మ కూతురి పెళ్ళి. గురువారం రాత్రి అమరాపురంలో మా ఇంట్లో తలుపేసుకుని, పై పెదవి మీద హెయిర్ రిమూవల్ క్రీమ్ రాసుకున్నా. శుక్రవారం పొద్దున అద్దంలో చూసుకుంటే ఎర్రటి చార. శనివారానికి అది గోధుమరంగుకి తిరిగింది. పెళ్ళిలో మా అవ్వ దగ్గరికి లాక్కుని, "ఏమే, మూతి మీద ఎవురన్నా బొగ్గుతో గీసినారా?" అంది. అందరూ నవ్వారు. మీసం తీసుకోబోయి మీసం దిద్దుకున్నట్టయింది నా పని.

ఆ మచ్చ పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నాకు అర్థమైంది ఒక్కటే. మనలాంటి చామనఛాయ చర్మానికి అసలు ఇబ్బంది వెంట్రుక కాదు, దాన్ని తీశాక మిగిలే మచ్చ. అందుకే ఏ పద్ధతి నున్నగా చేస్తుందని కాదు, తీసిన రెండో రోజు, ఏడో రోజు మన చర్మం ఎలా ఉందో చూసి ఎంచుకోవాలి.

క్రీమ్ చేసిన పని

మచ్చ పడిన వారానికి మడకశిర మీదుగా హిందూపురం బస్సెక్కి చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళా. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని నిమిషాలుంచావ్?" పన్నెండు, అన్నా. రెండో ప్రశ్న, "అది కాళ్ళకు రాసేదా, మొహానికి రాసేదా?" అప్పుడు కానీ నేను డబ్బా వెనక చదవలేదు. అది కాళ్ళకు, చేతులకు రాసేది. మూడో ప్రశ్న, "మొటిమలకేమైనా రాస్తున్నావా?" రోజూ రాత్రి అడాపలీన్ జెల్ రాస్తున్నా.

తప్పు ఎక్కడుందో అక్కడే తేలిపోయింది. ఈ క్రీముల్లో ఉండేది థయోగ్లైకొలేట్ అనే రసాయనం. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ పోగుల్ని కలిపి ఉంచే బంధాల్ని ఈ రసాయనం తెంపేస్తుంది. అది పని చేయాలంటే క్రీమ్‌కి క్షారగుణం బాగా ఎక్కువుండాలి, ఇంచుమించు సున్నపు నీళ్ళకున్నంత. చిక్కేమిటంటే మన చర్మం పైపొరలో ఉండేదీ కెరాటినే. వెంట్రుక మెత్తబడే లోపు కడిగేస్తే చర్మం తట్టుకుంటుంది. అక్కడ అదనంగా గడిపే ప్రతి నిమిషమూ చర్మం మీదే ఖర్చవుతుంది. అడాపలీన్ లాంటి జెల్ రాసే చర్మం పైపొర ముందే నాజూకుగా ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది.

నేను ముందు రోజు మోచేతి లోపల రాసి పరీక్ష చేశాను కూడా. ఏమీ కాలేదు. కానీ మోచేతికి నేను జెల్ రాయను కదా! అందుకే పరీక్ష చేసేది మొహానికి దగ్గరగా, దవడ కింద, బఠాణీ గింజంత క్రీమ్‌తో చేయాలి. డబ్బా మీద చెప్పినంత సేపుంచి, కడిగి, 24 గంటలు ఆగి చూడాలి. మొహానికని ప్రత్యేకంగా రాసి ఉన్న క్రీమే వాడాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, డబ్బా మీద ఉన్న తక్కువ సమయానికే ఒక చిన్న చోట తుడిచి చూడాలి. అప్పటికీ వెంట్రుకలు ఊడకపోతే, డబ్బా మీద ఉన్న గరిష్ఠ సమయం దాటకుండా కాసేపు ఉంచొచ్చు. మంట మొదలైతే మాత్రం టైమర్ వైపు చూడకుండా కడిగేయాలి. కొంచెం చురుక్కుమని, కడగ్గానే తగ్గితే అది మామూలే. కడిగిన గంటకు కూడా మండుతూ, ముట్టుకుంటే నొప్పిగా, చర్మం బిగుసుకుపోయి మెరుస్తుంటే అది కాలిన గాయం. దాని మీద పసుపు, నిమ్మరసం ఏదీ పెట్టకూడదు. చల్లటి నీళ్ళ గుడ్డ, తర్వాత పల్చగా పెట్రోలియం జెల్లీ. ఎండలోకి వెళ్తే ముసుగు. నేను శుక్రవారమంతా పెళ్ళి పనులమీద ఎండలో తిరిగా. చర్మం వాచినప్పుడు మన ఒంట్లో రంగు తయారుచేసే కణాలు ఎక్కువ పని చేస్తాయి, ఎండ తగిలితే ఇంకా ఎక్కువ. ఎర్రచార గోధుమరంగు మచ్చగా మారింది అందుకే.

దారం సంగతి

మచ్చ పోయాక డాక్టరమ్మ చెప్పినట్టే చేశా. ఒక నెలకు ఒకే పద్ధతి. తీసిన గంటకు, మర్నాడు, ఏడో రోజు పొద్దున కిటికీ పక్కన ఒకే వెలుగులో ఫోటో. ఫిల్టర్ లేకుండా.

మొదటి నెల త్రెడింగ్. మెలిపెట్టిన దారం వెంట్రుకని కుదురుతో సహా పీకుతుంది. కాబట్టి మళ్ళీ కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. రసాయనం లేదు, చర్మం పైపొర ఊడదు. నా పై పెదవి గంటసేపు ఎర్రగా ఉండి, రాత్రికి మామూలైంది. మర్నాడు మూడు నాలుగు చిన్న పొక్కులు, ఏడో రోజుకు ఏమీ లేవు. మంచి ఫలితమే.

గడ్డం కథ వేరు. నా గడ్డం కింద ఓ పది పన్నెండు వెంట్రుకలు నల్లగా, ముదురుగా వస్తాయి. అక్కడ దారం పెట్టిన ఏడో రోజుకు ఎర్రటి గడ్డలు, రెండింటిలో చీము. ముదురు వెంట్రుకని దారం ఒక్కోసారి కుదురు దగ్గర పీకకుండా మధ్యలో తెంపుతుంది. తెగిన మొన చర్మం లోపలే వంగి పెరుగుతుంది. ఒంటికది ముల్లు గుచ్చుకున్నట్టే, వాపు వస్తుంది. దాన్ని గోటితో గిల్లితే మచ్చ ఖాయం. నేను గిల్లా. రెండు చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

పార్లర్‌లో ఒక్క మాట అడగండి. దారం కొసని నోట్లో పట్టుకోకుండా మెడకు కట్టుకుని చేయమనండి, కొత్త దారం తీయమనండి. పులిపిర్లు, ఇతర చర్మ వైరస్‌లు త్రెడింగ్ ద్వారా పాకిన కేసులు మన దేశంలో డాక్టర్లు నమోదు చేశారు. పెదవి దగ్గర జ్వరపు పొక్కు ఉన్నప్పుడు అసలు చేయించుకోకూడదు. అడగడానికి నాకూ మొహమాటమే అయింది. "సరే పాపా" అని ఆ అక్క మామూలుగానే మెడకు కట్టుకుంది. అంతే.

ట్రిమ్మర్, అవ్వ భయం

రెండో నెల ట్రిమ్మర్ బయటికి తీశా. అవ్వ గుండెలు బాదుకుంది. "కత్తి పెడితే మొగోళ్ళ మాదిరి గడ్డం వస్తాదే!"

అవ్వ ఒక్కతే కాదు, మన ఊళ్ళల్లో అందరూ ఇదే అంటారు. నిజమేంటంటే, వెంట్రుక పెరిగేది చర్మం లోపలి కుదురు నుంచి. పైన కోసినట్టు కుదురుకి తెలియదు. 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గీయడం వల్ల వెంట్రుక లావూ పెరుగుదలా మారవని కొలిచి చూపించింది. మరి ముళ్ళలా ఎందుకు తగులుతుంది? పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, కోస్తే మొద్దుగా మారుతుంది. కొత్తిమీర కాడని మధ్యలో కోసి ముట్టుకుని చూడండి, అంతే తేడా.

మొహానికి వాడే చిన్న ట్రిమ్మర్ చర్మానికి ఒక వెంట్రుకవాసి పైన కోస్తుంది, చర్మాన్ని గీరదు. పొడి మొహం మీద, చర్మాన్ని లాగకుండా, నొక్కకుండా నడపాలి. నా ఫోటోల్లో గంటకూ, మర్నాడూ, ఏడో రోజూ ఎరుపు లేదు, పొక్కు లేదు. లోటేంటంటే గడ్డం మీద మూడో రోజుకే గరుకు తగిలేది. దగ్గరికొచ్చి చూస్తే నల్ల చుక్కలు కనబడతాయి. వారానికి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. వాడాక బ్రష్‌తో దులిపి, తల ఊడదీసి స్పిరిట్‌తో తుడవాలి. ట్రిమ్మర్ ఎవరికీ ఇవ్వొద్దు, చెల్లెలికైనా సరే.

అలా నా లెక్క తేలింది. మూతికి దారం, గడ్డానికి ట్రిమ్మర్. ఒకే మొహం మీద రెండు పద్ధతులు వాడకూడదని ఎవరు చెప్పారు? మొటిమల జెల్ లేకుండా ఉన్న మా వదినకి మొహం క్రీమ్ ఐదు నిమిషాలుంచితే ఏమీ కాలేదు, పార్లర్ దారానికే వారం పొక్కులు. ఆమె లెక్క ఆమెది.

మచ్చకి ఇంకో మందు రాసే ముందు

డాక్టరమ్మ ఎక్కువ కోప్పడింది క్రీమ్ గురించి కాదు. మచ్చ పోవడానికి నేను మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు గురించి. దాని మీద మొమెటాసోన్ అని ఉంది. బీటామెథాసోన్, క్లోబెటసాల్ కూడా అదే జాతి, స్టెరాయిడ్లు. మొహం మీద వారాల తరబడి రాస్తే మొదట తెల్లబడినట్టుంటుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, మొటిమలొస్తాయి. పైగా కొత్త వెంట్రుకలు మొలుస్తాయి! అంటే వెంట్రుక తీసి మచ్చ తెచ్చుకుని, మచ్చకి మందు రాసి మళ్ళీ వెంట్రుక తెచ్చుకోవడం. నేను వాడింది ఆరు రోజులే కాబట్టి బతికిపోయా. ట్యూబు మీద ఆ పేర్లుంటే డాక్టరు రాయకుండా మొహానికి పెట్టొద్దు.

చివరగా ఆమె నన్నడిగింది, "నెలసరి టయానికి వస్తోందా?" గడ్డం మీద ముదురు వెంట్రుకలు పెరుగుతూ, నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే అది పీసీఓఎస్ కావచ్చు. రక్తపరీక్షలు చేయించుకోవాలి. కొన్ని నెలల్లోనే ఉన్నట్టుండి గడ్డం దట్టంగా వచ్చి, గొంతు కూడా బొంగురుపోతే అస్సలు ఆగకూడదు. నాకు టయానికే వస్తోంది, మా ఇంటి ఆడవాళ్ళందరికీ గడ్డం మీద నాలుగు వెంట్రుకలుంటాయి. అది తరాల సొత్తు.

ఈ మాట అవ్వకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని గడ్డం తడుముకుంటూ మెల్లగా అడిగింది. "ఆ మిషను నొప్పి పెట్టదా పాపా?"

మర్నాడే ఆమెకొకటి తెప్పించా. నాది మాత్రం ఇవ్వలేదు.