అట్టచక్రం చెప్పే కాన్పు తేదీ

గర్భిణి మొదటిసారి పరీక్షకు వెళ్తే డాక్టరు ముందుగా అడిగేది ఆఖరి నెలసరి ఎప్పుడు మొదలైందని. వెంటనే బల్ల మీది అట్టచక్రం చేతిలోకి వస్తుంది. మధ్యలో రివెట్టుతో బిగించిన రెండు బిళ్లలు; పెద్దదాని అంచున ఏడాది తేదీలు, చిన్నదాని మీద 40 వారాలు. బాణం గుర్తును ఆ తేదీ మీదికి తిప్పితే చాలు, కాన్పు తేదీ కనిపిస్తుంది.

ఈ లెక్క 19వ శతాబ్దపు జర్మన్ ప్రసూతి వైద్యుడు నేగెలే పేరుతో నిలిచింది. నెలసరి మొదటి రోజుకు 7 రోజులు కలిపి, 3 నెలలు వెనక్కి వెళ్లి, ఏడాది ముందుకు రావాలి. కోల్‌కతాలో ఒకామె దుర్గాపూజల్లో అష్టమి రోజే నెలసరి వచ్చిందని చెప్పిందనుకుందాం. అంటే 2025 సెప్టెంబరు 30, మంగళవారం. కాన్పు తేదీ 2026 జులై 7. అదీ మంగళవారమే, 280 రోజులంటే సరిగ్గా 40 వారాలు కాబట్టి. 14 వారాలు నిండి రెండో త్రైమాసికం మొదలయ్యేది జనవరి 6న, 28 నిండి మూడోది మొదలయ్యేది ఏప్రిల్ 14న.

తమాషా ఏమిటంటే, మొదటి రెండు వారాల్లో అసలు గర్భమే ఉండదు. 28 రోజుల ఋతుచక్రంలో 14వ రోజున అండం విడుదలవుతుందన్నది అట్టచక్రం పెట్టుకున్న నమ్మకం. ఆమెకు 35 రోజులకోసారి నెలసరి వస్తుంటే అండం వారం ఆలస్యంగా విడుదలవుతుంది, కాన్పు తేదీ జులై 14 అవుతుంది. అట్టకు ఆ సంగతి తెలియదు.

ఈ నమ్మకం పూర్తిగా చెల్లని కాన్పు కోల్‌కతాలోనే జరిగింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ ప్రయోగశాలలో ఫలదీకరణ చేసిన పిండాలను 53 రోజులు గడ్డకట్టించి, తర్వాతి ఋతుచక్రంలో తల్లి గర్భంలో ఉంచారు. 1978 అక్టోబరు 3న దుర్గ అనే పాప పుట్టింది. గడ్డకట్టి ఉన్నన్నాళ్లూ పిండం ఎదగదు. ఆ రోజుల్ని వయసులో కలిపితే దాదాపు రెండు నెలల తప్పు. అందుకే ఐవీఎఫ్‌లో ఇప్పుడు పిండాన్ని గర్భంలో పెట్టిన రోజు నుంచి లెక్కిస్తారు. అయిదు రోజుల పిండమైతే ఆ తేదీకి 261 రోజులు కలుపుతారు. స్కాన్ రిపోర్టులో మాత్రం పాత పద్ధతిలోనే వారాలు రాస్తారు. పిండాన్ని పెట్టిన రోజుకే రెండు వారాల అయిదు రోజులు అయినట్టు లెక్క.

మామూలు గర్భానికి తొలి త్రైమాసికపు స్కానే తీర్పరి. పిండం తల నుంచి పిరుదుల వరకు పొడవు కొలుస్తారు. 9 వారాల నుంచి 14 లోపు ఆ కొలత చెప్పే వయసుకూ నెలసరి లెక్కకూ వారానికి మించి తేడా ఉంటే స్కాన్ తేదీనే ఖాయం చేస్తారు. తర్వాతి స్కాన్లలో తేదీ మారినట్టు కనిపించినా దీన్ని మార్చరు. అప్పటికి బిడ్డల ఎదుగుదలలోనే తేడాలుంటాయి. ఖాయం చేసిన రోజునే కాన్పయ్యేది కూడా నూటికి నలుగురైదుగురికే.

కాబట్టి డాక్టరుకు తేదీతో పాటు మీకు ఎన్ని రోజులకోసారి నెలసరి వస్తుందో కూడా చెప్పండి. మొదటి స్కాన్ రిపోర్టును కాన్పు దాకా ఫైల్లో పైనే ఉంచుకోండి.