మొదటి రిపోర్ట్ ఎన్నో నిమిషంలో వచ్చింది?

శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సొంత ఆసుపత్రులున్నాయి. వాటిలో పనిచేసే 19,500 మందికి పైగా ఉద్యోగులకు పరిశోధకులు 8 నెలల్లో 10 విడతలుగా ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు పంపారు. 2025లో ఫలితాలు బయటపెట్టారు. ‘మీ ఔట్‌లుక్ పాస్‌వర్డ్ మార్చుకోండి’ అన్న మెయిల్లో లింకు నొక్కినవాళ్లు 1.8 శాతం. ‘సెలవుల పాలసీ మారింది, చూడండి’ అన్న మెయిల్లో నొక్కినవాళ్లు 30.8 శాతం. సంస్థ ఒకటే, ఉద్యోగులు ఒకటే. ఎర మారేసరికి లెక్క 17 రెట్లు మారింది.

ఉద్యోగుల సైబర్ భద్రతా శిక్షణ గురించి ఏ కంపెనీలో అడిగినా ముందు చూపించేది ఈ క్లిక్ రేటే. పోయిన ఏడాది 20 శాతం నొక్కారు, ఈ ఏడాది 5 శాతమే నొక్కారు, శిక్షణ పనిచేసింది అంటారు. 1.8, 30.8 అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట ఎంత బలహీనమో తెలుస్తుంది. మొదటిసారి సెలవుల మెయిల్, రెండోసారి పాస్‌వర్డ్ మెయిల్ పంపితే ఎవరికీ ఏమీ నేర్పకుండానే అంత ‘మెరుగుదల’ వచ్చేస్తుంది. అదే అధ్యయనంలో శిక్షణ పొందనివాళ్లతో పోలిస్తే పొందినవాళ్లలో నొక్కడం తగ్గింది 1.7 శాతమే. లింకు నొక్కగానే తెరుచుకునే పాఠం పేజీ ముందు నాలుగింట మూడు సందర్భాల్లో జనం నిమిషానికి మించి ఆగలేదు.

కాబట్టి కొలవడానికి ముందు ఎరను తూచాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు 2020లో ‘ఫిష్ స్కేల్’ అనే పద్ధతి ఇచ్చారు. అందులో చూసేవి రెండు. ఒకటి, మెయిల్లో అనుమానం రావాల్సిన ఆనవాళ్లు ఎన్ని ఉన్నాయి: పంపినవారి అడ్రస్ తేడాగా ఉండటం, అక్షరదోషాలు, ‘వెంటనే చేయకపోతే ఖాతా మూసేస్తాం’ లాంటి తొందర. రెండోది, ఆ విషయం చదివేవాడి రోజువారీ పనికి ఎంత దగ్గరగా ఉంది. రోజుకు 40 ఇన్‌వాయిస్‌లు చూసే అకౌంట్స్ ఉద్యోగికి ఇన్‌వాయిస్ మెయిల్ వస్తే అనుమానించడం చాలా కష్టం. అదే మెయిల్ టెస్టింగ్ ఇంజినీరుకు వస్తే ‘ఇది నాకెందుకు వచ్చింది’ అనుకుంటాడు. ఆనవాళ్లు తక్కువై, పనికి దగ్గరైన ఎర అన్నిటికంటే కఠినం. ఈ తూకం పక్కన రాయని క్లిక్ రేటు, ప్రశ్నపత్రం చూపించకుండా చెప్పిన మార్కుల్లాంటిది.

ఇప్పుడొక ఊహా కంపెనీ తీసుకుని లెక్క వేద్దాం. ఉద్యోగులు 800 మంది. వాళ్లను చీటీలు వేసినట్టుగా, ఏ విభాగమనీ చూడకుండా, 400 చొప్పున రెండు జట్లు చేశాం. చేతిలో రెండు ఎరలున్నాయి: సెలవుల మెయిల్, పాస్‌వర్డ్ మెయిల్. జనవరిలో మొదటి జట్టుకు సెలవులది, రెండో జట్టుకు పాస్‌వర్డ్‌ది పంపాం. జూలైలో తిప్పి పంపాం. దీనివల్ల ఒకే ఎరను, దాన్ని ఇంతకుముందు చూడనివాళ్ల మీదే రెండుసార్లు కొలిచినట్టవుతుంది. మధ్యలో శిక్షణ ఇచ్చాం, మెయిల్ విండోలో ‘రిపోర్ట్’ బటన్ పెట్టాం.

సెలవుల మెయిల్ ఒక్కదాన్నే చూద్దాం. జనవరిలో 400 మందిలో 80 మంది నొక్కారు, అంటే 20 శాతం. జూలైలో 68 మంది, 17 శాతం. మూడు శాతం తగ్గిందని సంబరపడొచ్చా? రెండు జట్లలోనూ 400 మందే ఉన్నప్పుడు, కేవలం ఎవరు ఏ జట్టులో పడ్డారన్న అదృష్టం వల్లే ఇలాంటి తేడా ఐదు శాతానికి కాస్త పైదాకా అటూ ఇటూ ఊగుతుంది. మన మూడు శాతం ఆ ఊపులో మునిగిపోయింది. శిక్షణ పనిచేయలేదని కాదు, పనిచేసిందని ఈ అంకె చెప్పలేదు.

అదే మెయిల్‌ను భద్రతా బృందానికి రిపోర్ట్ చేసినవాళ్లు జనవరిలో 32 మంది, 8 శాతం. జూలైలో 100 మంది, 25 శాతం. తేడా 17 శాతం. అదృష్టం లెక్క తీసేసినా కనీసం 12 మిగులుతుంది. మనుషుల నడవడిక మారిందనడానికి ఇది గట్టి సాక్ష్యం. ఈ మార్పులో శిక్షణ వంతు ఎంత, బటన్ వంతు ఎంత అని విడదీయాలంటే మాత్రం కొంతమందికి శిక్షణ ఆలస్యంగా ఇచ్చి వాళ్లతో పోల్చాల్సి ఉంటుంది.

నేను అన్నిటికంటే విలువైనదనుకునే అంకె ఇంకొకటుంది. అది గడియారంలో కనిపిస్తుంది. వెరైజన్ సంస్థ 2024 నివేదిక ప్రకారం, మెయిల్ తెరిచాక లింకు నొక్కడానికి పట్టే మధ్యస్థ సమయం 21 సెకన్లు. వివరాలు ఇచ్చేయడానికి ఇంకో 28 సెకన్లు. అంటే నిమిషం లోపే పని అయిపోతుంది, మొదటి మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. అయితే 400 మందీ ఒకే క్షణాన మెయిల్ తెరవరు. ఒకరు కాఫీకి వెళ్తారు, ఒకరు మీటింగులో ఉంటారు. కాపాడగలిగేది వాళ్లను.

మన ఊహా కంపెనీలో జనవరి మెయిల్ ఉదయం 10:05కి వెళ్లింది. మొదటి రిపోర్ట్ 10:52కి వచ్చింది. భద్రతా బృందం అది చూసి, నిజం దాడి అయితే అందరి ఇన్‌బాక్స్‌ల నుంచీ మెయిల్‌ను తీసేయగలిగేది 11:40కి. అప్పటికే 80 క్లిక్కుల్లో 58 అయిపోయాయి. జూలైలో అదే 10:05కి పంపితే మొదటి రిపోర్ట్ 10:09కి వచ్చింది, తీసేయగలిగే సమయం 10:22. ఆ 17 నిమిషాల్లో పడిన క్లిక్కులు 19. మొత్తం క్లిక్ రేటు 20 నుంచి 17కే తగ్గినా, నిజంగా నష్టం చేయగల క్లిక్కులు 58 నుంచి 19కి, అంటే మూడో వంతుకు వచ్చాయి. యాజమాన్యానికి చూపించాల్సిన లెక్క ఇది. స్విట్జర్లాండ్‌లోని ఇ.టి.హెచ్. జ్యూరిక్ పరిశోధకులు 14,000 మందికి పైగా ఉద్యోగులను 15 నెలలు గమనించి 2022లో ఇటువంటిదే చెప్పారు: నొక్కగానే చూపించే పాఠాలు జనాన్ని గట్టిపరచలేదు గానీ, ఉద్యోగుల రిపోర్టులతో కొత్త దాడులను త్వరగా పట్టుకోవడం కుదురుతుంది, నెలలు గడిచినా వాళ్లు విసుగెత్తి మానేయలేదు.

ఈ అంకెలు చెడిపోయే దారులూ ఉన్నాయి. మొదటిది యంత్రాల క్లిక్కు. కంపెనీ మెయిల్ గేట్‌వే, లోపలికొచ్చే లింకులను తరచూ ముందే తెరిచి పరీక్షిస్తుంది. అది కూడా ఉద్యోగి నొక్కినట్టే నమోదవుతుంది. మెయిల్ చేరిన రెండు మూడు సెకన్లలోనే డజన్లకొద్దీ క్లిక్కులు, అవీ ఏదో డేటా సెంటర్ అడ్రస్ నుంచి వచ్చాయంటే అనుమానించాల్సిందే. దీన్ని పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఒకటుంది. మెయిల్లో మనిషి కంటికి కనబడని లింకు ఇంకొకటి దాచాలి. దాన్ని తెరిచింది ఏదైనా, అది మనిషి కాదు. ఇది చేయకపోతే, మెయిల్ తెరవనే తెరవని ఉద్యోగికి ‘నువ్వు ఫెయిలయ్యావు’ అని నోటీసు వెళ్తుంది. ఆ ఒక్క తప్పుతో కార్యక్రమం మీద నమ్మకం పోతుంది.

రెండోది ‘పదేపదే నొక్కేవాళ్ల’ జాబితా. హెచ్ఆర్ దీన్ని ఇష్టంగా అడుగుతుంది. 800 మందీ సరిగ్గా ఒకే జాగ్రత్త ఉన్నవాళ్లనీ, ఏ మెయిల్‌నైనా నొక్కే అవకాశం ప్రతి ఒక్కరికీ 10 శాతమేననీ అనుకోండి. ఏడాదికి నాలుగు పరీక్షలు పెడితే, కనీసం రెండుసార్లు నొక్కినవాళ్లు 42 మంది తేలతారు. వాళ్లలో ఏ లోపమూ లేదు, కేవలం అదృష్టం బాగోలేదు. పది పరీక్షలు పెడితే కనీసం ఒక్కసారైనా నొక్కేవాళ్లు 65 శాతం అవుతారు. శాన్‌డియాగోలో కూడా 8 నెలలు పూర్తయ్యేసరికి సగం మందికి పైగా ఏదో ఒక ఎరకు చిక్కారు. మన జాబితాలో 42 కాకుండా 90 మంది తేలితేనే, అదనంగా ఉన్నవాళ్ల గురించి ఆలోచించాలి. అప్పుడైనా ముందు అడగాల్సింది వాళ్ల ఉద్యోగం ఏమిటని. బయటివాళ్ల రెజ్యూమేలు తెరవడమే పనైన రిక్రూటర్ అటాచ్‌మెంట్ తెరవకుండా ఎలా ఉంటుంది?

ఆ జాబితాతో శిక్ష వేస్తే జరిగేది ఒకటే. నొక్కినవాళ్లు నోరు మెదపరు. వెరైజన్ లెక్కలో పరీక్ష మెయిల్‌ను రిపోర్ట్ చేసినవాళ్లు 20 శాతం. లింకు నొక్కి కూడా తర్వాత రిపోర్ట్ చేసినవాళ్లు, నొక్కినవాళ్లలో 11 శాతం. నిజం దాడి జరిగిన రోజున మనకు అందరికంటే ముందు కావాల్సింది ఈ 11 శాతమే. పాస్‌వర్డ్ ఎక్కడ ఇచ్చారో, ఎన్ని గంటలకు ఇచ్చారో చెప్పగలిగేది వాళ్లే. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. తప్పు చేసినవాడు భయంతో రెండు రోజులు దాచితే ఆ ఘటన మన దృష్టికి వచ్చేసరికే డబ్బు ఖాతా దాటిపోయి ఉంటుంది. అందుకే నా లెక్కల పట్టికలో ‘నొక్కి చెప్పినవాళ్లు’ అన్న వరుస విడిగా ఉంటుంది, అది పెరగడం మంచి వార్తగానే రాస్తాను.

ఎర ఎంత కఠినంగా ఉండొచ్చన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 2020 డిసెంబరులో, కోవిడ్ మధ్యలో, గోడాడీ కంపెనీ తన ఉద్యోగులకు 650 డాలర్ల పండుగ బోనస్ అంటూ పరీక్ష మెయిల్ పంపింది. సుమారు 500 మంది వివరాలిచ్చారు. తర్వాత వాళ్లకు వచ్చింది బోనస్ కాదు, మళ్లీ శిక్షణ తీసుకోమన్న మెయిల్. కంపెనీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మోసగాళ్లు బోనస్ పేరుతో మెయిళ్లు పంపరా అంటే పంపుతారు. కానీ రేపు నిజంగా ఫోన్ చేసి ‘నేను నొక్కేశాను’ అని చెప్పాల్సింది ఆ ఉద్యోగే. జీతం, బోనస్, ఉద్యోగం పోవడం, ఆరోగ్యం: ఈ నాలుగింటినీ ఎరలుగా వాడకుండానే కఠినమైన మెయిల్ రాయొచ్చు. మీటింగు రూమ్ మార్పు, పంచుకున్న ఎక్సెల్ ఫైలు, సెలవు దరఖాస్తు తిరస్కరణ చాలు.

రిపోర్ట్ చేసినవాళ్లకు జవాబు ఇవ్వడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ రిపోర్టింగ్ రేటు నిలిచేది దాని మీదే. ‘అది మా పరీక్షే, సరిగ్గా పట్టారు’ అనో, ‘అది నిజం మోసమే, మీవల్ల 300 ఇన్‌బాక్స్‌ల నుంచి తీసేశాం’ అనో, ‘అది మన వెండర్ మెయిలే, తెరవొచ్చు’ అనో ఆ పూటే వెళ్లాలి. మూడో రకం జవాబులు మరీ పెరిగిపోతే మనుషులు అన్నిటికీ భయపడుతున్నారని అర్థం. రిపోర్ట్ చేసిన మెయిళ్లలో నిజంగా అనుమానించదగ్గవి ఎన్నో నెలనెలా చూసుకోవాలి.

ఇక ఎన్నాళ్లకొకసారి? జర్మనీలో ఒక ప్రభుత్వ కార్యాలయం ఉద్యోగుల మీద చేసి 2020లో వెల్లడించిన అధ్యయనంలో, శిక్షణ తర్వాత ఫిషింగ్‌ను గుర్తుపట్టే నేర్పు 4 నెలల దాకా నిలిచింది, 6 నెలలకు ఆ తేడా కనిపించలేదు. జనవరిలో నేర్పినవాళ్లకు మే నాటికి ఒక చిన్న వీడియోతోనో, ఐదు నిమిషాల సాధనతోనో గుర్తుచేయాలి. జూలై పరీక్ష దాని తర్వాతే పెట్టాలి, పాత ఎరలతో, జట్లు తిప్పి.