ఓటీపీ అడగకుండా పోయే డబ్బు

స్పోకెన్ ఇంగ్లిష్ యాప్ ఒకటి ‘రూపాయికే వారం రోజులు’ అంటుంది. రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టేస్తాం. ఆ తెరను నిదానంగా చదివితే రూపాయి పక్కనే మరో మూడు సంగతులు కనిపిస్తాయి: ఎన్నాళ్లకోసారి తీసుకుంటారు, గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఏ తేదీ వరకు తీసుకోవచ్చు. అంటే మనం కట్టింది రూపాయే అయినా, ఇచ్చింది ఏళ్ల తరబడి చెల్లే అనుమతి. దీన్నే ఆటోపే మాండేట్ అంటారు. వారం తర్వాత ఫోన్‌లోంచి యాప్ తీసేసినా ఈ మాండేట్ రద్దు కాదు. నెలనెలా రూ.199 పోతూనే ఉంటుంది.

ఇది మన కంట పడకపోవడానికి కారణం ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఇలాంటి చెల్లింపు రూ.15,000 దాటకపోతే ప్రతిసారీ ఓటీపీ అడగనక్కర్లేదు. డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల వ్యవధితో సమాచారం ఇస్తే చాలు. ఆ మెసేజ్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య కలిసిపోతుంది. అందుకే వీటిని పట్టుకోవాలంటే ఏడాదికోసారి మనమే కూర్చుని వెతకాలి.

ఏప్రిల్ మొదటి వారం దీనికి అనువైన సమయం. అప్పటికి ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి పన్నెండు నెలల స్టేట్‌మెంట్ ఒకేసారి తీసుకోవచ్చు. మూడు నెలలది చూస్తే సరిపోదు. ఏడాదికోసారి కట్టించుకునేవి అందులో దొరకవు. ఇంట్లో ఉన్న ఖాతాలు, క్రెడిట్ కార్డులు అన్నింటివీ తీయండి. MANDATE, ACH, NACH, SI అని ఉన్న వరుసలను ముందు గుర్తు పెట్టుకోండి. చాలాసార్లు అక్కడ యాప్ పేరు కాకుండా, మధ్యలో డబ్బు అందుకునే పేమెంట్ కంపెనీ పేరు ఉంటుంది. అందుకని పేరు కంటే మొత్తం, తేదీ చూడటం మేలు. ఒకే మొత్తం ఇంచుమించు ఒకే తేదీన మళ్లీ మళ్లీ వస్తుంటే అదే మనం వెతుకుతున్నది.

ఉదాహరణకు ఒక నలుగురి కుటుంబాన్ని తీసుకుందాం. వాడకం మానేసిన స్పోకెన్ ఇంగ్లిష్ యాప్‌కు నెలకు రూ.199, పిల్లాడు ఆడటం మానేసిన గేమ్‌కు రూ.149 పోతున్నాయి. ఇంటి ఇంటర్‌నెట్ ప్లాన్‌తో ఉచితంగా వచ్చే ఓటీటీకే మళ్లీ విడిగా ఏడాదికి రూ.1,499 కడుతున్నారు. ఫొటోలు దాచుకోవడానికి రెండు ఫోన్లకూ రూ.130 చొప్పున వేర్వేరు ప్లాన్లున్నాయి. ఒక ప్లాన్‌నే ఇంటిల్లిపాదీ పంచుకుంటే రెండోది అక్కర్లేదు. వాడని పాత ఖాతాలో ఎస్సెమ్మెస్ ఛార్జీలు మూడు నెలలకు రూ.17.70, డెబిట్ కార్డుకు ఏడాదికి రూ.236 కోత పడుతున్నాయి. ఇవన్నీ కలిపితే ఏడాదికి రూ.7,541.80, అంటే నెలకు దాదాపు రూ.628.

రద్దు చేసే చోటు ఒక్కొక్కదానికి ఒక్కోలా ఉంటుంది. యూపీఐ మాండేట్లు ఏ యాప్‌లో పెట్టారో అందులోని ఆటోపే విభాగంలో దొరుకుతాయి. ప్లే స్టోర్ ద్వారా కట్టేవి అక్కడి Payments & subscriptions కింద, ఐఫోన్‌లోవి సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే వచ్చే Subscriptions కింద ఉంటాయి. కార్డుకు ముడిపెట్టినవి, నాచ్ మాండేట్లు బ్యాంకు ద్వారా ఆపవచ్చు. పాత ఖాతాను మూసేయాలి. రద్దు చేసే దారిని కావాలని తికమకగా పెట్టడాన్ని ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అంటారు. 2023లో కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు దీన్ని నిషేధించాయి. అలాంటిది ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఊపులో అన్నీ కొట్టేయకూడదు. ఏడాదికోసారి పోయే రూ.20, రూ.436 చూసి ఇవేమిటని అనుమానం రావచ్చు. అవి ప్రధానమంత్రి సురక్షా బీమా, జీవన్ జ్యోతి బీమా ప్రీమియంలు. వాటిని ఆపితే ఒక్కోటి రూ.2 లక్షల బీమా రక్షణ పోతుంది. రుణ వాయిదా మాండేట్ రద్దు చేస్తే జరిమానా పడుతుంది, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. ఏమిటో తెలియని వరుసను బ్యాంకులో అడిగాకే ముట్టుకోండి.

రద్దు చేసినంత మాత్రాన డబ్బు మిగిలినట్టు కాదు. ఖాతాలోనే ఉంచితే అది మరో ఖర్చులో కలిసిపోతుంది. అదే వారం పోస్టాఫీసులో నెలకు రూ.600 రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే, అయిదేళ్లకు అసలే రూ.36,000 అవుతుంది, వడ్డీ అదనం. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వెతికినప్పుడు కొత్తగా ఏమైనా దొరికితే, ఆ మొత్తాన్నీ ఇలాగే పొదుపులోకి మళ్లించండి.