కరెంటు బిల్లును బొమ్మగా గీస్తే

డాబా మీద సోలార్ పెట్టించుకోమని చెప్పే పోస్టర్లు ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా కనిపిస్తాయి. నవ్వుతున్న సూర్యుడు, నీలం రంగు ప్యానెళ్లు, పక్కనే పెద్ద అక్షరాల్లో ‘25 ఏళ్లలో లక్షల ఆదా’. వాటిని చూసిన ఇంటాయనకు తెలుసుకోవాల్సిన సంగతి ఒక్కటే: ‘నా బిల్లులో నెలకు ఎంత తగ్గుతుంది? పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది?’ దానికి ఆ పోస్టర్లలో జవాబు దొరకదు. ఆ జవాబు చెప్పేలా ఇన్‌ఫోగ్రాఫిక్‌ను ఎలా తయారుచేయాలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మామూలు ఇంటి లెక్కతో చూద్దాం.

ఆ ఇంట్లో నెలకు 300 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. ఒక ఏసీ, ఫ్రిజ్, మోటారు, నాలుగు ఫ్యాన్లు ఉన్న ఇంటికి ఎండాకాలంలో ఇంత కాలడం మామూలే. 2025-26 గృహ విద్యుత్ రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఈ లెక్కన 300 యూనిట్లకు కరెంటు ఛార్జీ 1,673 రూపాయలు అవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ వంటివి దీనికి అదనం. సోలార్ పెట్టినా అవి పోవు కాబట్టి మన లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇక ప్యానెళ్ల సంగతి. మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ నుంచి రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు వస్తాయి. వానాకాలంలో కొంత తగ్గుతుంది, మార్చి నుంచి మే దాకా కొంత పెరుగుతుంది. 120 అన్నది ఏడాది సగటు. అంటే రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు. పగలు ఇంట్లో వాడగా మిగిలింది గ్రిడ్‌లోకి పోతుంది, రాత్రి మళ్లీ గ్రిడ్ నుంచి తెచ్చుకుంటాం. వచ్చినదాన్నీ పోయినదాన్నీ నెట్ మీటర్ విడివిడిగా లెక్కేస్తుంది. తేడాకే బిల్లు వస్తుంది.

ఇక్కడే చాలా పోస్టర్ల లెక్క తప్పుతుంది. 240 యూనిట్లు తగ్గితే ఎన్ని రూపాయలు తగ్గుతాయి? కొందరు డిజైనర్లు పై శ్లాబు రేటు 8.75తో గుణించి 2,100 అని వేస్తారు. అసలు బిల్లే 1,673 అయినప్పుడు అంత మిగిలే అవకాశమే లేదు. ఇంకొందరు సగటు తీస్తారు. 1,673ను 300తో భాగిస్తే యూనిట్‌కు 5.58 వస్తుంది, దాన్ని 240తో గుణిస్తే 1,339. చూడ్డానికి సబబుగానే ఉన్నా ఇదీ తప్పే. సోలార్ అన్ని శ్లాబుల నుంచీ సమానంగా తీసేయదు. 300లో 240 పోతే మిగిలేవి 60 యూనిట్లు. ఆ అరవైకీ రేటు అడుగు నుంచే మొదలవుతుంది: 30 యూనిట్లకు 57 రూపాయలు, మిగతా 30కి 90 రూపాయలు, వెరసి 147. అంటే అసలు ఆదా 1,673లోంచి 147 పోగా 1,526 రూపాయలు. సోలార్ కత్తిరించేది పైనున్న ఖరీదైన యూనిట్లను. క్యారియర్ గిన్నెల్లో పై గిన్నె ముందు ఖాళీ అయినట్టు, పై శ్లాబు ముందు ఖాళీ అవుతుంది.

ఇన్‌ఫోగ్రాఫిక్ చెప్పాల్సిన ముఖ్య విషయం ఇదే. మిగతా బొమ్మంతా దీని చుట్టూనే ఉండాలి.

దీన్ని కంటికి కనిపించేలా చెప్పడానికి పై చార్టు, మీటరు ముల్లు పనికిరావు. బిల్లును ఒక గోపురంలా గీయండి. ఒక్కో శ్లాబు ఒక్కో పెట్టె. పెట్టె ఎత్తు ఆ శ్లాబులో కాలిన యూనిట్లు, వెడల్పు ఆ శ్లాబు రేటు. అప్పుడు పెట్టె వైశాల్యమే రూపాయలవుతుంది. ఫోనులో చూసే బొమ్మను 1080 పిక్సెళ్ల వెడల్పుతో చేస్తాం కాబట్టి యూనిట్‌కు 2 పిక్సెళ్ల ఎత్తు, రూపాయికి 60 పిక్సెళ్ల వెడల్పు సరిపోతాయి. అప్పుడు అడుగు పెట్టె 60 పిక్సెళ్ల ఎత్తు, 114 పిక్సెళ్ల వెడల్పుతో సన్నగా ఉంటుంది. పై పెట్టె 150 ఎత్తు, 525 వెడల్పుతో భారీగా ఉంటుంది. తలకిందులుగా పెట్టిన మెట్లలా కనిపిస్తుందది. ఒక్క అంకె చదవకుండానే ‘పైనున్న యూనిట్లే డబ్బంతా తింటున్నాయి’ అని చూసినవాళ్లకు అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ గోపురానికి పై నుంచి గీతలు గీయాలి. 120 యూనిట్ల దగ్గర ఒక గీత: అది మొదటి కిలోవాట్. దాని మీదున్న భాగమంతా పసుపు రంగు. ఇంకో 120 దిగితే రెండో గీత: అది రెండో కిలోవాట్, లేత పసుపు. అడుగున మిగిలిన 60 యూనిట్లు బూడిద రంగులో. మొదటి కిలోవాట్ 75 యూనిట్లను 8.75 రేటులో, 45 యూనిట్లను 6 రేటులో తీసేస్తుంది కాబట్టి దాని ఆదా నెలకు 926 రూపాయలు. రెండో కిలోవాట్ తీసేవి 6, 4.50, 3 రేట్లలోని యూనిట్లు. దాని ఆదా 600. మూడోది పెడితే మిగిలిన 60 యూనిట్లూ పోతాయి, ఆదా 147. దాని నుంచి వచ్చే మిగతా 60 యూనిట్లు డిస్కంకు పోతాయి. వాటికి డిస్కం కట్టే ధర, మనం కట్టే పై శ్లాబు రేటు కంటే చాలా తక్కువ.

ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టడమే ఇన్‌ఫోగ్రాఫిక్‌లో రెండో భాగం. పెట్టుబడి కూడా వాటి కిందే రావాలి. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. మొత్తం 78,000 దాటదు. ఒక కిలోవాట్‌కు 70,000, రెండింటికి 1,30,000, మూడింటికి 1,90,000 చొప్పున కోటేషన్ వచ్చిందనుకుందాం. సబ్సిడీ పోగా చేతి నుంచి పడేవి వరుసగా 40,000, 70,000, 1,12,000.

ఒక్కో కిలోవాట్‌నూ విడిగా చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిదానికి పెట్టిన 40,000 ఏడాదికి 11,115 చొప్పున మూడున్నరేళ్లు దాటగానే తిరిగొస్తుంది. రెండోదానికి అదనంగా పెట్టిన 30,000 ఏడాదికి 7,200 చొప్పున నాలుగేళ్ల పైచిలుకు. మూడోదానికి పెట్టే 42,000 మాత్రం ఏడాదికి 1,764 చొప్పున దాదాపు 24 ఏళ్లు పడుతుంది. మిగులు యూనిట్లకు డిస్కం ఇచ్చే డబ్బు కలిస్తే కొంత తగ్గొచ్చు, అయినా మొదటి రెండింటితో పోలిక లేదు. ‘సబ్సిడీ పూర్తిగా వస్తుంది కదా, మూడు కిలోవాట్లు పెట్టించుకోండి’ అని ఎవరైనా చెబితే ఇంటివాళ్లు ఈ మూడు గీతల్ని చూసి నిర్ణయించుకోగలగాలి. రేపు ఇంకో ఏసీయో విద్యుత్ స్కూటరో వచ్చే ఇంటికి మూడోది కూడా కిట్టుబాటు కావచ్చు, ఎందుకంటే అప్పుడు గోపురమే పెరుగుతుంది.

మూడో భాగంలో కాలరేఖ ఉండాలి. ఇది సున్నా కంటే కిందనుంచి, అంటే మైనస్ 70,000 దగ్గర నుంచి మొదలై ఏడాదికి 18,315 చొప్పున పైకి లేస్తుంది. నాలుగో ఏడు ముగిసేలోపు సున్నా దాటుతుంది. పది పన్నెండేళ్ల దగ్గర ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు, అక్కడ గీత ఒక మెట్టు దిగాలి. ఏటా ప్యానెళ్ల సత్తువ కొద్దికొద్దిగా తగ్గుతుంది కాబట్టి వాలు కూడా కాస్త సడలాలి. ఆ మెట్టును దాచి గీతను నిటారుగా పైకి లాగితే బొమ్మ అందంగా ఉంటుంది గానీ, పన్నెండో ఏట ఖర్చు వచ్చినప్పుడు మోసపోయామనుకుంటారు. గీత కుడిచివర 25 ఏళ్ల మొత్తం వేయకపోవడం మంచిది. అన్నేళ్ల తర్వాత రేట్లు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు.

కింద రెండు చిన్న పెట్టెలు తప్పనిసరి. ఒకటి నీడ గురించి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం ప్యానెళ్ల మీద పడితే 120 యూనిట్ల లెక్క నిలవదు. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. రెండోది కరెంటు పోయినప్పటి సంగతి. బ్యాటరీ లేని సోలార్, గ్రిడ్‌లో కరెంటు ఆగగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. ఇది ముందే చెప్పకపోతే మొదటి పవర్‌కట్‌కే ‘ఇంత పెట్టి ఏం లాభం’ అంటారు.

అక్షరాల విషయంలో తెలుగుకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. వత్తులు, గుణింతాలు పైకీ కిందకీ చాచుకుంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. 1080 పిక్సెళ్ల బొమ్మలో 32 పిక్సెళ్ల కంటే చిన్న అక్షరాలు పెడితే వాట్సాప్‌లో నలుగురి చేతులు మారాక ‘శ్లాబు’లో లావత్తు మసకబారిపోతుంది. ‘ఎల్‌సీఓఈ’, ‘ఆర్‌ఓఐ’ లాంటి మాటలకు చోటివ్వకండి. ‘నెలకు ఎంత మిగులుతుంది’, ‘ఎన్నేళ్లకు తిరిగొస్తుంది’ చాలు.

గీశాక పరీక్ష ఇలా పెట్టండి. సోలార్ గురించి తెలియని ఒకరికి చూపించి, ‘మీ ఇంట్లో నెలకు 150 యూనిట్లయితే ఒక కిలోవాట్‌తో ఎంత మిగులుతుంది?’ అని అడగండి. 150కి బిల్లు 567, మిగిలే 30 యూనిట్లకు 57, కాబట్టి ఆదా 510. వాళ్లు బొమ్మ చూసి ఐదొందల దగ్గరకు రాగలిగితే డిజైన్ పనిచేస్తున్నట్టే. 926 అన్నారంటే మన 300 యూనిట్ల ఉదాహరణనే అందరి జవాబుగా చదువుతున్నారన్నమాట. అప్పుడు 75, 150, 300 యూనిట్ల ఇళ్లకు మూడు చిన్న గోపురాలు పక్కపక్కన ఒకే కొలతతో గీయాలి.

రేట్ల ఏడాదిని, రాష్ట్రాన్ని అడుగున స్పష్టంగా వేయాలి. తెలంగాణలో శ్లాబులు వేరు. అక్కడ 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ ఒకే రేటు, యూనిట్‌కు 5.10 రూపాయలు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లే కట్టని ఇళ్లూ ఉన్నాయి. ఆంధ్ర గోపురాన్ని అక్కడ పంచితే తప్పు చెప్పినట్టే.

ఆ మూడు గోపురాల్లో 75 యూనిట్ల ఇంటిని వదిలేయకండి. ఆ ఇంటి కరెంటు ఛార్జీ 192 రూపాయలే. ఒక కిలోవాట్ మొత్తం తీసేసినా 40,000 తిరిగి రావడానికి పదిహేడేళ్లు పడుతుంది. ఆ గోపురం కింద ‘ఇప్పుడు మీకు సోలార్ లాభం కాదు’ అని రాయాలి. అలా రాయగలిగిన ఇన్‌ఫోగ్రాఫిక్ చెబితేనే 300 యూనిట్ల ఇంటివాళ్లు నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుందన్న మాట నమ్ముతారు.