కాళ్ల బలం తగ్గకుండా 21 కిలోమీటర్లు

హాఫ్ మారథాన్‌కు సిద్ధమవుతూ సోమవారం బరువైన స్క్వాట్లు, మంగళవారం వేగపు పరుగు పెట్టుకుంటే కాళ్లకు తేరుకునే వ్యవధే దొరకదు.

అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 1980లో ప్రచురించిన పది వారాల ప్రయోగంలో బరువులతో పాటు పరుగు, సైక్లింగ్ కూడా చేసినవారి కాళ్ల బలం ఏడో వారం దాకా పెరిగి, నిలిచిపోయి, చివర్లో తగ్గింది.

అందుకే కష్టమైనవి రెండూ ఒకే రోజుకు చేర్చడం మేలు. మంగళవారం ఉదయం వేగపు పరుగు, బాగా తిని, కనీసం ఆరు గంటలాగి సాయంత్రం స్క్వాట్లు: ఐదేసి చొప్పున మూడు సెట్లు చాలు. బుధవారం విశ్రాంతి, లేదా ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నెమ్మది పరుగు. ఆదివారం దూరపు పరుగు. శనివారం కాళ్లకు బరువులు వద్దు.

ఎప్పుడూ ఎత్తే బరువే రెండు వారాలు వరుసగా భారంగా తోస్తే, ముందు పరుగు దూరం తగ్గించి చూడండి.