వైరుకు తగ్గ లగ్గు, బోల్టుకు తగ్గ కన్ను

రాత్రి దుక్కికోసం ట్రాక్టరుకు పెట్టించిన లైట్లు కొన్నాళ్లకే మిణుకుమిణుకుమంటే ముందు బల్బును, తర్వాత బ్యాటరీని అనుమానిస్తాం. లోపం చాలాసార్లు వైరు చివర నొక్కిన లగ్గులో ఉంటుంది.

12 వోల్టుల ట్రాక్టరుకు 55 వాట్ల లైట్లు రెండు పెడుతున్నాం అనుకుందాం. మొత్తం 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. దీనికి రెండున్నర స్క్వేర్ పోగుల వైరు తీసుకుందాం. లగ్గు గొట్టంమీది రంగు వైరు మందాన్ని చెబుతుంది: ఎరుపు అర నుంచి ఒకటిన్నర స్క్వేర్ దాకా, నీలం ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా, పసుపు నాలుగు నుంచి ఆరు దాకా. కాబట్టి మనకు నీలం. పసుపుది వాడితే ఎంత నొక్కినా పోగులు వదులుగానే ఉండి, లగ్గు వేడెక్కుతుంది. ఎరుపుది పట్టడంలేదని నాలుగు పోగులు కత్తిరిస్తే కరెంటుకు ఆ మేరకు దారి తగ్గుతుంది.

ఇక కన్ను. ఇక్కడే చాలామంది పొరబడతారు. మెకానిక్ చెప్పే ‘10 నంబరు బోల్టు’లో 10 అనేది పానా కొలత. ఆ పానా పట్టే బోల్టు మర మామూలుగా 6 మి.మీ. మందమే ఉంటుంది. లగ్గు కొనాల్సింది ఆ 6కే. 10 కన్ను లగ్గు పెడితే చుట్టూ ఖాళీ మిగిలి, బోల్టు తల కింద రేకు ఆనే చోటు తగ్గిపోతుంది.

ఆకారాన్ని చోటునుబట్టి ఎంచుకోవాలి. బ్యాటరీ దగ్గర, బాడీ ఎర్త్ దగ్గర రింగు లగ్గే పెట్టాలి. అదురుకు నట్టు కాస్త వదులైనా రింగు జారిపోదు. స్విచ్ స్క్రూలు పూర్తిగా ఊడదీయడం కష్టమైతే ఫోర్క్ లగ్గు నయం. దీన్నే స్పేడ్ అనీ అంటారు. స్క్రూ కొద్దిగా వదులు చేసి లోపలికి తోస్తే చాలు, కానీ అదిరే చోట ఇది పనికిరాదు. లైటును విప్పాల్సిన అవసరం పడే చోట బుల్లెట్ జత పెట్టాలి. ప్లాస్టిక్ తొడుగులో దాగే ఆడ భాగం బ్యాటరీ వైపు ఉండాలి. అప్పుడు విడదీసినా కరెంటున్న కొస బాడీకి తగలదు.

తొడుగు సుమారు 6, 7 మి.మీ. ఒలిచి, పోగులు గొట్టం దాటి ఒక మి.మీ. కనబడేలా దూర్చి, రంగు చుక్కలున్న క్రింపింగ్ ప్లయర్‌లో నీలం గాడిలో నొక్కాలి. మామూలు పట్టకారుతో చేస్తే గొట్టం చదునవుతుందే తప్ప పోగులను గట్టిగా పట్టుకోదు. నొక్కాక వైరును గట్టిగా లాగి చూడండి. ఊడివస్తే దాన్ని పారేసి కొత్తది వేయండి. బ్యాటరీకి దగ్గరలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాక లైట్లు పావుగంట వెలిగించి, ఆర్పి, ఒక్కో లగ్గునూ తాకి చూడండి. పక్క వైరుకన్నా వేడిగా ఉన్నదాన్ని అప్పుడే మార్చేయాలి.