ఒకే బాండు, మూడు లెక్కలు

మూడు కంపెనీలు ఒకే రోజు ఒకే ప్రభుత్వ బాండును కొన్నాయనుకుందాం. తలా వంద కోట్లు పెట్టాయి. ఏటా 7 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు. ఏడాది తిరిగేసరికి మార్కెట్లో వడ్డీ రేటు 8 శాతానికి చేరింది. కొత్త బాండు 8 శాతం ఇస్తుంటే పాత 7 శాతం బాండును వంద పెట్టి ఎవరూ కొనరు. ఇంకా నాలుగేళ్ల గడువున్న ఆ బాండుకు వందకు 96.69 రూపాయలే పలుకుతాయి. అంటే ఒక్కో కంపెనీకి 3.31 కోట్ల విలువ తరిగినట్టే.

ఆ ఏడాది ముగింపు లెక్కల్లో మొదటి కంపెనీ 7 కోట్ల వడ్డీని ఆదాయంగా చూపింది. బాండు విలువ వంద కోట్లు అలాగే ఉంది. రెండో కంపెనీ ఆదాయమూ 7 కోట్లే. కానీ ఆస్తుల పట్టికలో బాండు 96.69 కోట్లకు దిగింది, తరిగిన 3.31 కోట్లు లాభనష్టాల ఖాతాను తాకకుండా నేరుగా రిజర్వుల్లోంచి తగ్గాయి. మూడో కంపెనీ ఆ నష్టాన్ని వడ్డీలోంచే కొట్టేసి 3.69 కోట్లే మిగిలాయంది. ముగ్గురిలో ఎవరూ తప్పు రాయలేదు. ముగ్గురి లెక్కలకూ ఆడిటర్లు సంతకం పెడతారు.

మొదటిది అమార్టైజ్డ్ కాస్ట్ పద్ధతి. కొన్న ధర నుంచి మొదలుపెట్టి, వడ్డీని గడువు పొడవునా సర్దుకుంటూ పోవడమే తప్ప మార్కెట్ ధర వంక చూడరు. మూడోది ఫెయిర్ వేల్యూ త్రూ ప్రాఫిట్ అండ్ లాస్. ధర పెరిగినా తగ్గినా ఆ తేడా ఆ ఏడాది లాభంలోకే వస్తుంది. రెండోదాన్ని ఆడిటర్లు ఎఫ్‌వీఓసీఐ అంటారు. ఇందులో ధర తేడా అదర్ కాంప్రహెన్సివ్ ఇన్‌కమ్ అనే వేరే వరుసలో నడుస్తుంది. మర్నాడే ముగ్గురూ ఆ బాండును 96.69కి అమ్మేస్తే మొదటి కంపెనీకి 3.31 కోట్ల నష్టం అప్పుడు బయటపడుతుంది. రెండో కంపెనీ రిజర్వుల్లో దాచిన నష్టాన్ని లాభనష్టాల ఖాతాలోకి తెచ్చుకోవాలి. మూడో కంపెనీకి కొత్తగా రాయాల్సిందేమీ ఉండదు. చివరికి ముగ్గురికీ మిగిలింది 3.69 కోట్లే. తేడా అంతా ఆ నష్టం ఎప్పుడు, ఎక్కడ కనిపించిందన్న దగ్గరే.

అయితే ఏ పద్ధతిలో రాయాలో కంపెనీ తన ఇష్టానికి తేల్చుకోవచ్చా? కుదరదు. అంతర్జాతీయంగా 2018 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9, దాని ఆధారంగా మన దేశంలో రూపొందిన ఇండ్ ఏఎస్ 109 రెండు ప్రశ్నలు అడుగుతాయి. ఈ ఆస్తి నుంచి వచ్చే డబ్బు అచ్చంగా అసలు, దాని మీద వడ్డీయేనా? దాన్ని కంపెనీ ఎందుకోసం పెట్టుకుంది?

మొదటి ప్రశ్న దగ్గరే చాలా ఆస్తులు ఆగిపోతాయి. షేర్లుగా మారే డిబెంచరులో వడ్డీతో పాటు షేరు ధర ఆశ కూడా కలిసి ఉంటుంది కాబట్టి, దాన్ని కొన్నవారు మూడో పద్ధతిలోనే రాయాలి. మ్యూచువల్ ఫండ్ యూనిట్లదీ ఇదే దారి. చేతిలో మిగిలిన నగదును డెట్ ఫండ్‌లో పెట్టిన కంపెనీలు, లోపల ఉన్నవన్నీ బాండ్లే కదా అని వాదిస్తుంటాయి. కానీ యూనిట్ పట్టుకున్నవారికి అందేది ఆ రోజు ఎన్‌ఏవీ ప్రకారం వచ్చే మొత్తం. ఒప్పందం ప్రకారం వచ్చే అసలూ వడ్డీ కాదు. అందుకే వాటి ధర ఊగిసలాట త్రైమాసిక లాభాల్లోకి వచ్చి పడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఒక్కో బాండుకు విడివిడిగా కాదు, మొత్తం పోర్ట్‌ఫోలియోకి చెప్పాలి. గడువు దాకా ఉంచి వసూలు చేసుకోవడమే పని అయితే అమార్టైజ్డ్ కాస్ట్. వసూలూ చేసుకుంటూ అవసరాన్నిబట్టి అమ్మడమూ కూడా పనిలో భాగమైతే ఎఫ్‌వీఓసీఐ. తక్కినవన్నీ మూడో పద్ధతిలోకి వస్తాయి. నోటిమాట చాలదు. ఆడిటర్లు గత అమ్మకాల లెక్క తీస్తారు. బోర్డుకు వెళ్లే నివేదికలో ఉన్నది వడ్డీ వసూళ్లా, మార్కెట్ ధరలా అని చూస్తారు. ఆ డెస్కు మేనేజరు బోనస్ దేనితో ముడిపడి ఉందో కూడా అడుగుతారు. రుణాలిచ్చి వాటిలో కొంత భాగాన్ని క్రమం తప్పకుండా బ్యాంకులకు అమ్మే ఫైనాన్స్ కంపెనీ, ఆ రుణాలన్నీ గడువు దాకా ఉంచుకుంటానంటే నమ్మడం కష్టం.

షేర్ల సంగతి వేరు. అవి మామూలుగా మూడో పద్ధతిలోకే వెళ్తాయి. అయితే వ్యాపారానికి కాక దీర్ఘకాలానికి ఉంచుకునే షేర్లను కొన్ననాడే ఎఫ్‌వీఓసీఐ కింద పెట్టుకోవచ్చు. ఆ నిర్ణయం మళ్లీ మార్చుకోవడానికి వీల్లేదు. దీనికి బాండ్లకు లేని ఒక కట్టుబాటు ఉంది. పది కోట్లకు కొన్న షేర్లను యాభై కోట్లకు అమ్మినా ఆ నలభై కోట్లు ఎన్నటికీ లాభనష్టాల ఖాతాలో కనిపించవు, రిజర్వుల్లోనే ఉండిపోతాయి. లాభంలోకి వచ్చేది డివిడెండు మాత్రమే. ఇది కాస్త విడ్డూరంగా తోచినా, నష్టాలను రిజర్వుల్లో దాచి లాభాలను మాత్రం పైకి తెచ్చే చాతుర్యానికి మాత్రం అడ్డుకట్ట పడింది.

ఈ వర్గాలు ఎంత ప్రమాదాన్ని కనపడకుండా ఉంచగలవో 2023 మార్చిలో అమెరికాలో తెలిసింది. అక్కడి ప్రమాణాలు వేరైనా ఈ విషయంలో పోలిక దగ్గరదే. సిలికాన్ వ్యాలీ బ్యాంక్ 2022 చివరికి సుమారు 91 బిలియన్ డాలర్ల బాండ్లను గడువు దాకా ఉంచుకునే వర్గంలో పెట్టింది. వడ్డీ రేట్లు పెరగడంతో వాటి మార్కెట్ విలువ దాదాపు 76 బిలియన్లకు పడిపోయింది. ఆ 15 బిలియన్ల తేడా లాభంలోనూ లేదు, మూలధనంలోనూ లేదు. బ్యాంకు మొత్తం ఈక్విటీ 16 బిలియన్లే. డిపాజిటర్లు డబ్బు తీసుకుంటుండటంతో, అమ్మకానికి అనువైన వర్గంలోని సుమారు 21 బిలియన్ల బాండ్లను అమ్మి, 1.8 బిలియన్ల నష్టం వచ్చిందని మార్చి 8న ప్రకటించింది. మర్నాడు ఒక్క రోజే 42 బిలియన్ల డాలర్లు బయటికి పోయాయి. మార్చి 10న బ్యాంకు మూతపడింది. గడువు దాకా ఉంచుకుంటామన్న మాట, అలా ఉంచుకునే స్తోమత ఉన్నంతకాలమే నిలుస్తుంది.

మన బ్యాంకులు ఇండ్ ఏఎస్ పరిధిలోకి ఇంకా రాలేదు. అయినా రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు వాటి పెట్టుబడులను దాదాపు ఇదే పద్ధతికి తెచ్చాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. గడువు దాకా ఉంచే వర్గం నుంచి ఒక ఏడాదిలో, ఆ ఏడాది మొదట్లో ఉన్న విలువలో 5 శాతానికి మించి అమ్మకూడదు, కొన్ని మినహాయింపులు తప్ప. ఒక వర్గం నుంచి మరో వర్గానికి మార్చాలంటే బోర్డుతో పాటు రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి. కష్టకాలంలో రాసేసే షరతు ఉన్న అదనపు టైర్ 1 బాండ్లు అసలు, వడ్డీ పరీక్షలో నెగ్గవు కాబట్టి వాటికి మూడో పద్ధతే గతి.

మామూలు షేర్‌హోల్డరుకు ఇందులో పనికొచ్చే పుట ఒకటుంది. అమార్టైజ్డ్ కాస్ట్‌లో రాసిన ఆస్తుల ఫెయిర్ వేల్యూ ఎంతో వార్షిక నివేదిక చివర్లోని నోట్స్‌లో చెప్పాలని నిబంధన. పుస్తక విలువ, ఫెయిర్ వేల్యూ అంకెలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య తేడాను కంపెనీ నెట్‌వర్త్‌తో పోల్చి చూడటానికి కాలిక్యులేటరు కూడా అక్కర్లేదు. సిలికాన్ వ్యాలీ బ్యాంక్ ఆ అంకెలను ఫిబ్రవరి చివర్లోనే, తన వార్షిక నివేదికలో అచ్చువేసింది.